కుదుపు తీసేశాక మిగిలే నల్ల అంచు

నడుస్తూ ఫోన్‌తో తీసిన వీడియోకి కంప్యూటర్లో కుదుపు తగ్గిస్తే బొమ్మ నిలకడగా వస్తుంది. దాంతోపాటు కొత్త ఇబ్బంది ఒకటి వస్తుంది. అంతవరకు లేని నల్లటి పట్టీలు నాలుగు అంచుల్లోనూ తొంగిచూస్తుంటాయి. ఒక క్షణం పైన సన్నగా, మరుక్షణం కుడి పక్కన వాలుగా, ఇంకాసేపటికి ఏదో ఒక మూలలో ముక్కోణంగా. కొన్ని వీడియోల్లో ఆ అంచు సూటిగా కూడా ఉండదు, తడిసి ఆరిన అట్టలా వంకర తిరిగి ఉంటుంది. వీటిని ఎలా వదిలించుకోవాలి, ఆ ఖాళీలో ఏం పెట్టాలి అన్నదే ఈ వ్యాసం.

ముందు అవి ఎక్కడినుంచి వస్తాయో చూద్దాం. స్టెబిలైజేషన్ చేసే సాఫ్ట్‌వేర్ ఒక్కో ఫ్రేమ్‌ని దాని ముందు ఫ్రేమ్‌తో పోల్చి, కెమెరా ఎటు ఎంత జరిగిందో, ఎంత ఒరిగిందో లెక్క కడుతుంది. ఆ గతుకుల దారిని నునుపు చేసి, ప్రతి ఫ్రేమ్‌నీ కెమెరా కదిలిన దిక్కుకి ఎదురుగా జరుపుతుంది. మీ కాలు గుంటలో పడి కెమెరా కిందికి దిగితే, తెర మీద రథమూ జనమూ పైకి ఎగిరినట్టు కనిపిస్తారు. సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను అంతే కిందికి లాగుతుంది. లాగినప్పుడు పైన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో ఉండాల్సిన ఆకాశాన్ని ఆ క్షణంలో కెమెరా చూడనే లేదు. అందుకే అది నల్లగా ఉంటుంది. నలుపంటే అక్కడ బొమ్మ చెడిపోయిందని కాదు, అసలు బొమ్మే లేదని. తర్వాత మనం ఏం పెట్టినా అది పక్కనుంచి తెచ్చి పెట్టిందే అవుతుంది. ఈ సంగతి చివర్లో మళ్ళీ అవసరపడుతుంది.

వంకర రావడానికి కారణం ఫోన్ సెన్సరే. అది బొమ్మనంతటినీ ఒక్కసారిగా పట్టదు, పైనుంచి కిందికి వరుస వరుసగా చదువుతుంది. చదవడం సగంలో ఉండగా చెయ్యి కదిలితే ఒకే ఫ్రేమ్‌లో పై భాగం ఒకచోట, కింది భాగం ఒకచోట పడతాయి. నిలువు స్తంభం ఏటవాలుగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయాలంటే ఫ్రేమ్‌ని జరిపితే, తిప్పితే చాలదు, భాగాలవారీగా సాగదీయాలి. అడోబ్ ప్రీమియర్‌లోని Warp Stabilizer మామూలుగా ఎంచుకునే Subspace Warp పద్ధతి చేసేది ఈ సాగదీతే. లోపల బొమ్మ చక్కబడుతుంది, ఆ సాగదీత ఫలితం అంచుల్లో తేలుతుంది.

ఇప్పుడు ఈ విషయంలో నేను గట్టిగా నమ్మే మాట. చూసేవాళ్ళని ఇబ్బంది పెట్టేది నలుపు కాదు, ఆ నలుపు కదలడం. సినిమాల్లో పైనా కిందా నల్ల పట్టీలు ఉంటాయి, రెండు గంటల సేపు చూసినా వాటిని ఎవరూ పట్టించుకోరు. అదే పట్టీ ఒక్క వేలెడు పైకీ కిందికీ ఊగిందంటే రథం మీద ఉండాల్సిన చూపు అంచుకి పోతుంది. మన చూపు మధ్యలో వివరాన్ని పట్టుకుంటుంది, పక్కల్లో కదలికను పట్టుకుంటుంది. కాబట్టి క్రాప్ చేసినా, అద్దం చేసి నింపినా, బ్లర్ పెట్టినా, ఒక్కటే చూసుకోవాలి: అంచు నిలిచి ఉందా, లేదా?

ఒక ఊరి రథోత్సవాన్ని ఉదాహరణగా తీసుకుందాం. సాయంత్రం వెలుగులో, రథానికి ఎదురుగా మెల్లగా వెనక్కి నడుస్తూ తీసిన 20 సెకన్ల వీడియో. పరిమాణం 1920 అడ్డం, 1080 నిలువు పిక్సెల్స్, సెకనుకి 30 ఫ్రేములు. రథం ఫ్రేమ్ మధ్యలో ఉంది. తీసినవారు శిఖరం మీది కలశం తెగకుండా జాగ్రత్త పడ్డారు, కానీ దాని పైన ఎక్కువ చోటు వదల్లేదు. కుదుపు తీసేశాక కలశం కొన పై అంచుకి 60 పిక్సెల్స్ కింద ఉంది. వీడియో మొత్తంలో ఒక్కచోట మాత్రం నడిచేవారి కాలు గతుకులో పడి కెమెరా దిగి, ఒరిగింది.

మొదటి పని అంచుల్ని దాచడం కాదు, ఉన్నవి ఉన్నట్టు చూడటం. చాలా ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు స్టెబిలైజ్ చేసిన వెంటనే జూమ్ చేసి నలుపు కనపడకుండా చేస్తాయి. మంచికే చేస్తాయి గానీ, ఎంత బొమ్మ పోయిందో మనకి చెప్పకుండా చేస్తాయి. ప్రీమియర్‌లో Framing దగ్గర Stabilize Only ఎంచుకుంటే జూమ్ ఆగి నల్ల అంచులు పూర్తిగా బయటపడతాయి. డావించీ రిజాల్వ్‌లో స్టెబిలైజేషన్ విభాగంలోని Zoom పక్కన టిక్ తీసేస్తే అదే జరుగుతుంది. ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో చేసేవాళ్ళకి, vid.stab కలిపి కట్టిన కూర్పు ఉంటే, ఈ రెండు వరుసలు చాలు. మొదటిది కదలికను కొలిచి ఫైల్లో రాస్తుంది, రెండోది దాన్ని చదివి బొమ్మను జరుపుతుంది.

```
ffmpeg -i ratham.mp4 -vf vidstabdetect=shakiness=6:result=ratham.trf -f null -
ffmpeg -i ratham.mp4 -vf vidstabtransform=input=ratham.trf:smoothing=15:optzoom=0:crop=black -c:a copy choosi.mp4
```

ఇక్కడ optzoom=0 అంటే జూమ్ వద్దని, crop=black అంటే ఖాళీని నల్లగానే ఉంచమని. smoothing=15 అంటే ఒక్కో ఫ్రేమ్‌కి అటు 15, ఇటు 15 ఫ్రేములు కలిపి, అంటే సుమారు ఒక సెకను కదలికను సగటు చేయమని. ఈ సంఖ్య పెంచినకొద్దీ బొమ్మ నిలుస్తుంది, అంచుల్లో ఖాళీ కూడా పెరుగుతుంది. రెండూ ఒకే తక్కెడ అనుకోండి.

రాత్రి తీసిన వీడియో అయితే నల్లటి ఆకాశంలో నల్లటి అంచు కలిసిపోతుంది, ఎడిటింగ్ చేసే తెర మీద కనపడదు. వెలుతురు ఎక్కువగా పెట్టుకున్న టీవీలో మాత్రం ఆకాశం కాస్త బూడిదగా, అంచు కటిక నలుపుగా విడిపోయి బయటపడుతుంది. అందుకని ఎడిటర్‌లో ఆ క్లిప్ కింది ట్రాక్‌లో చిక్కటి ఆకుపచ్చ రంగు పరిచి చూడటం మంచి అలవాటు. ఖాళీ ఉన్న చోటల్లా ఆకుపచ్చ మెరుస్తుంది.

రథం వీడియోని ఇలా చూస్తే, 20 సెకన్లలో ఎక్కువ భాగం ఖాళీ పది పిక్సెల్స్ దాటలేదు. గతుకు దగ్గర మాత్రం సుమారు అర సెకను పాటు, అంటే ఓ 15 ఫ్రేముల్లో, పైన 40 పిక్సెల్స్ ఖాళీ వచ్చింది, బొమ్మ 1.5 డిగ్రీలు తిరిగింది. ఇవి చిన్న సంఖ్యల్లా అనిపిస్తాయి. వాటి ఖరీదు చూడండి.

నిలువుగా 40 పిక్సెల్స్ ఖాళీని మధ్యనుంచి జూమ్ చేసి దాచాలంటే పైన 40, కింద 40 వదులుకోవాలి. 1080లో 1000 మిగులుతుంది. అంటే 8 శాతం జూమ్. ఆ 40 పిక్సెల్సే అడ్డంగా జరిగి ఉంటే నాలుగున్నర శాతంలోపే సరిపోయేది, ఎందుకంటే అడ్డం వెడల్పు ఎక్కువ. కాబట్టి మామూలు అడ్డ ఫ్రేమ్‌లో పైకీ కిందికీ కుదుపు, పక్కలకి కుదుపు కన్నా ఖరీదైనది. ఒరగడం ఇంకా ఖరీదు. 1.5 డిగ్రీలు అంటే కంటికి ఆనని వాలు, కానీ ఫ్రేమ్ మధ్య నుంచి మూలకి అడ్డంగా 960 పిక్సెల్స్ దూరం ఉంది కాబట్టి మూల దగ్గర అది 25 పిక్సెల్స్ అవుతుంది. ఒరగడం ఒక్కదానికే నాలుగున్నర శాతం పైచిలుకు జూమ్ కావాలి. రెండూ కలిస్తే 13 శాతం.

13 శాతం జూమ్ చేస్తే పైనుంచి 62 పిక్సెల్స్ పోతాయి. కలశం కొన ఉన్నది 60 దగ్గర. ఆటోమేటిక్ జూమ్ మీద వదిలేస్తే అర సెకను గతుకు కోసం 20 సెకన్ల పాటూ కలశం కొన తెగిపోతుంది. రథోత్సవం వీడియోలో అది పోతే మిగిలినదానికి విలువేముంది? పైగా 13 శాతం జూమ్ తర్వాత నిజంగా మిగిలేది 1700 అడ్డం, 956 నిలువు పిక్సెల్స్ బొమ్మే. దాన్ని మళ్ళీ 1920కి సాగదీస్తారు కాబట్టి రథం చెక్కడాలు కాస్త మెత్తబడతాయి. అదే వీడియో 4కె లో, అంటే 3840 వెడల్పుతో తీసి, చివరికి 1920లోనే ఇచ్చేట్టయితే ఈ మెత్తదనం బాధ ఉండదు. కలశం తెగే బాధ మాత్రం అప్పుడూ ఉంటుంది.

దీనికి సాఫ్ట్‌వేర్లు ఇచ్చే ఒక జవాబు అవసరమైనప్పుడే జూమ్ చేసి, తర్వాత వెనక్కి రావడం. vid.stab లో optzoom=2 పెడితే ఇదే జరుగుతుంది, ఫ్రేమ్‌కి 0.25 శాతం చొప్పున జూమ్ మారుతుంది. సెకనుకి 30 ఫ్రేములంటే సెకనులో ఏడున్నర శాతం. గతుకు రాకముందే రథం మన వైపు ఉబ్బడం మొదలుపెట్టి, గతుకు దాటాక వెనక్కి తగ్గుతుంది. గుడి గోడలు, రథం లాంటి గట్టి ఆకారాలున్న చోట ఈ ఊపిరి తీసినట్టుండే కదలిక బాగా తెలుస్తుంది. పొలాలు, చెట్లు, నీళ్ళ మీద అంతగా తెలియదు. రథానికి నేను వాడను.

ఇక నింపడం సంగతి. ఖాళీలో పెట్టదగ్గవి నాలుగైదు ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో చోట బాగుంటుంది.

vid.stab లో crop=keep అంటే ముందు ఫ్రేముల్లో ఆ అంచున ఉన్న బొమ్మనే అక్కడ ఉంచేయడం. ఇది మామూలుగా ఉండే ఎంపిక కూడా. గోడ, ఆకాశం అయితే ఎవరికీ తెలియదు. అంచు దగ్గర మనిషి నడుస్తుంటే మాత్రం అతను వెళ్ళిపోయాక కూడా భుజం ముక్క ఒకటి అక్కడే వేలాడుతుంది. అద్దం పద్ధతిలో అంచుకి లోపలున్న బొమ్మను తిరగేసి బయట అతికిస్తారు. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని పాత deshake ఫిల్టర్ మామూలుగా చేసేది ఇదే. ఆకులు, ఇసుక, దూరపు జనం లాంటి వాటిలో చక్కగా కలిసిపోతుంది. అంచుకి దగ్గరగా కలశం ఉంటే దాని మీద తలకిందులుగా ఇంకో కలశం మొలుస్తుంది. ముఖం ఉంటే ఇంకా ఘోరం. మూడోది అంచు వరుసనే బయటికి సాగదీయడం. ఒకే రంగు ఆకాశానికి ఇది అద్దం కన్నా మేలు, కానీ కరెంటు తీగ ఒక్కటి అడ్డొచ్చినా అది చారలా సాగుతుంది.

నాలుగోది తెలివైనది. ఈ ఫ్రేమ్‌లో కెమెరా చూడని మూలని, అర సెకను ముందో వెనకో చూసే ఉంటుంది. అక్కడినుంచి తెచ్చి నింపితే అది నిజమైన బొమ్మే. మైక్రోసాఫ్ట్ రిసెర్చ్‌లో యాసుయుకి మత్సుషితా బృందం 2006లో ప్రచురించిన పని ఈ దారిలో ముఖ్యమైనది. క్రాప్ లేకుండా పూర్తి ఫ్రేమ్‌తో స్టెబిలైజ్ చేయడం, ఖాళీలో పడాల్సిన కదలికను కూడా ఊహించి నింపడం అందులో ఉంది. ప్రీమియర్‌లో Stabilize, Synthesize Edges అనే ఎంపిక ముందు వెనక ఫ్రేముల నుంచి తెచ్చి నింపుతుంది, ఎన్ని సెకన్ల దూరం వరకు వెతకాలో మనమే చెప్పవచ్చు. అంచు దగ్గర కదలనిది ఉంటే ఇది గొప్పగా పనిచేస్తుంది. రథం తాళ్ళు లాగే చేతులు ఉంటే అతుకు దగ్గర చెయ్యి విరిగినట్టు, లేదా మోచెయ్యి రెండుసార్లు ఉన్నట్టు కనిపిస్తుంది.

మన వీడియోలో గతుకు దగ్గర ఏం జరిగిందో ఇంకొంచెం దగ్గరగా చూస్తే పని తేలికవుతుంది. బొమ్మను కిందికి లాగారు కాబట్టి ఖాళీ పైనే ఉంది. కింద, జనం ఉన్న వైపు, బొమ్మ ఫ్రేమ్ దాటి ఇంకా మిగిలి ఉంది, అక్కడ నింపాల్సిన పనే లేదు. ఒరగడం వల్ల పై అంచులో ఒక మూల పైకి లేస్తే ఇంకో మూల దిగుతుంది. కాబట్టి నిజంగా లోతైన ఖాళీ ఉన్నది ఒక్క మూలలోనే, మన వీడియోలో పై కుడి మూలలో. ఆ మూలలో ఉన్నది ఆకాశం. కలశం ఉన్నది మధ్యలో.

అంటే అంతా క్రాప్‌తోనే తీర్చాలనీ లేదు, అంతా నింపాలనీ లేదు. 9 శాతం జూమ్ చేస్తే పై అంచు మధ్యలో ఖాళీ పూర్తిగా పోతుంది. కలశం కొన తెర పై అంచుకి 17 పిక్సెల్స్ కింద భద్రంగా ఉంటుంది. మిగిలేదల్లా మధ్యనుంచి 190 పిక్సెల్స్ కుడికి జరిగాక మొదలై, మూల దగ్గరికి వచ్చేసరికి 20 పిక్సెల్స్ ఎత్తయ్యే సన్నటి ముక్కోణం. అదీ ఆ అర సెకనులోనే.

దానికి అతుకు ఇలా వేయాలి. స్టెబిలైజ్ చేసి జూమ్ చేసిన క్లిప్‌లోనే, గతుకుకి ఒక సెకను ముందు కుడి మూల నిండుగా ఉన్న ఫ్రేమ్ ఒకటి ఎంచుకుని స్టిల్‌గా తీయాలి. స్టెబిలైజ్ చేయని అసలు వీడియో నుంచి తీస్తే సరిగ్గా ఆనదు. ఆ స్టిల్‌ని క్లిప్ పైన ఇంకో లేయర్‌గా పెట్టి, పై కుడి మూలలో ముక్కోణం కన్నా కాస్త పెద్దదిగా, మూల దగ్గర 40 పిక్సెల్స్ ఎత్తుండేలా మాస్క్ గీయాలి. మాస్క్ అంచుని పది పన్నెండు పిక్సెల్స్ మేర మెత్తగా చేయాలి. ఖాళీ పెరుగుతూ తరుగుతూ ఉంటుంది గానీ మాస్క్‌ని దానితో పాటు కదిలించకూడదు. ఖాళీ అతి పెద్దగా ఉన్న క్షణానికి సరిపడేలా గీసి అలాగే వదిలేయాలి. కదిలిస్తే మనం దాచాలనుకున్న ఊగే అంచునే మళ్ళీ తయారు చేసినట్టవుతుంది. ఈ స్టిల్ 15 ఫ్రేములకి ముందు మూడు, తర్వాత మూడు ఫ్రేముల్లో మెల్లగా వచ్చి మెల్లగా పోతే చాలు.

ఇక్కడ చెడిపోయేది సాధారణంగా రంగు. ఫోన్ తనంతట తాను వెలుతురు సర్దుకుంటుంది. ఒక సెకను తేడాలో ఆకాశం కాస్త లేతబడితే అతుకు మచ్చలా తేలుతుంది. ఆ మూలని రెట్టింపు చేసి చూసి, స్టిల్ వెలుతురును సరిపోల్చాలి. ఆ మూలలోకి పక్షో, జెండానో, తోరణమో వచ్చిందేమో చూడాలి. వస్తే ఇంకో ఫ్రేమ్ వెతుక్కోవాలి. ఇంకోటుంది, దానికి ఏ అతుకూ లేదు. కుదుపు వేగంగా ఉంటే ఆ ఫ్రేములన్నీ అసలే మసకబారి ఉంటాయి. నిలకడైన బొమ్మలో ఆ మసక రెప్పపాటు మెరుస్తుంది. అలాంటప్పుడు ఆ అర సెకను కత్తిరించి పారేయడమే సరైన పని కావచ్చు, ముఖ్యంగా దాని మీద వాడుకోవడానికి జనం కేకల శబ్దం ఉంటే.

అతుకు వేసే ఓపిక లేనివారికి, లేదా అంచుల నిండా జనమే ఉన్న వీడియోకి, ఇంకో నిజాయితీ గల దారి ఉంది. క్రాప్ చేసి వచ్చిన బొమ్మని జూమ్ చేయకుండా ఉన్న పరిమాణంలోనే ఉంచి, చుట్టూ కదలని చట్రం పెట్టడం. టీవీ వార్తల్లో నిలువు ఫోన్ వీడియోల పక్కన అదే వీడియోని పెద్దది చేసి బ్లర్ చేసి పెడతారు కదా, అదే పద్ధతి. నా మటుకు సాదా ముదురు రంగే ఇష్టం. బ్లర్‌లో కూడా కదలిక ఉంటుంది, అదీ పక్క చూపుని లాగుతుంది. పొలాలు, ఏరు, ఘాట్ రోడ్డు లాంటి వెడల్పైన దృశ్యాలకి సినిమా పట్టీలు బాగా నప్పుతాయి. 2.39 కొలతలో పట్టీ పైన 138, కింద 138 పిక్సెల్స్ ఉంటుంది. నిలువు కుదుపులన్నీ ఆ పట్టీ వెనకే దాగిపోతాయి, వాటికోసం జూమ్ అక్కర్లేదు. రథానికి మాత్రం ఇది పనికిరాదు, శిఖరమంతా పట్టీలోకి పోతుంది.

అన్ని వీడియోల్లోనూ ఖాళీని నింపకూడదు. రోడ్డు ప్రమాదం, గొడవ, సీసీ కెమెరా దృశ్యం, పోలీసులకో కోర్టుకో పత్రికకో వెళ్ళేదేదైనా సరే, కుదుపు తీసి ఇవ్వడంలో తప్పు లేదు, మనిషి ముఖమో బండి నంబరో చదవడానికి అది సాయపడుతుంది. అలాంటి వాటిలో అద్దం, సాగదీత, పక్క ఫ్రేముల అతుకు ఏదీ పెట్టకూడదు. అంచు దగ్గర ఒక బండి ఉందా లేదా అన్నదే ప్రశ్న అయినప్పుడు, వేరే క్షణం నుంచి తెచ్చి అతికించిన బండి అబద్ధ సాక్ష్యం అవుతుంది. జూమ్ కూడా వద్దు, అంచులో పోయేదే అసలు విషయం కావచ్చు. నల్ల అంచులు ఊగుతూ కనిపించినా అలాగే ఇవ్వాలి, పక్కన అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా ఇవ్వాలి, స్టెబిలైజ్ చేసినట్టు రాతపూర్వకంగా చెప్పాలి. అక్కడ ఆ నలుపే కెమెరా ఏది చూసిందో, ఏది చూడలేదో చెబుతుంది.